పిన్ చేసిన పోస్టులో ఏం రాయాలి? చీరల షాపు చెల్లికి సమాధానం

ప్రశ్న: అక్కా నమస్తే. మంగళగిరిలో మాది చిన్న చేనేత చీరల షాపు. మా అత్తగారు వాళ్ళు మగ్గాల మీద నేయించి అమ్ముతారు, ఇన్‌స్టా పేజీ నేను చూసుకుంటా. కొత్తగా వచ్చినవాళ్ళంతా షాపు ఎక్కడ, రేటెంత, కొరియర్ చేస్తారా అని అవే అడుగుతున్నారు. అన్నీ రాసి పోస్టు పిన్ చేశాను కానీ ఎవరూ చదవట్లేదు. స్క్రీన్ షాట్ పంపుతున్నా. ఎలా రాయాలో చెప్పండి.
మంగళగిరి నుంచి ఒక చెల్లి

సమాధానం:

చెల్లీ, స్క్రీన్ షాట్ మొత్తం చదివా. అడ్రస్ ఉంది, ఫోన్ నంబర్ ఉంది, కొరియర్ మాట కూడా ఉంది, కాకపోతే ఇవన్నీ ఎక్కడున్నాయో చూడు. మొదట స్వాగతం సుస్వాగతం, తర్వాత మూడు తరాల నమ్మకం, తర్వాత నాణ్యత గురించి నాలుగు లైన్లు, మధ్యలో దండం ఎమోజీలు, ఆ తర్వాత ఎక్కడో కిందకి వెళ్తే షాపు అడ్రస్ దొరుకుతుంది. ఇన్‌స్టాలో పోస్టు తెరిస్తే క్యాప్షన్ మొత్తం కనపడదు కదా, సుమారు 125 క్యారెక్టర్లు, అంటే ఒక రెండు లైన్లు కనపడి మిగతాది ముడుచుకుపోతుంది, నొక్కితేనే తెరుచుకుంటుంది. నీ పేజీకి వచ్చినామెకి కనపడిన రెండు లైన్లలో స్వాగతం తప్ప ఏం లేదు, ఇంక ఆమె నొక్కి చదవడం ఎందుకు, డీఎం లో అడిగేస్తే పోలా అనుకుంటుంది. జనం చదవక కాదు, చదవాల్సింది వాళ్ళ కంట పడక.

ఇంకోటి, తెలుగులో ఆ రెండు లైన్లు ఇంకా తొందరగా అయిపోతాయి. గుణింతం గుర్తులు, ఒత్తులు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. మంగళగిరి అన్న మాట మనకి అయిదు అక్షరాలే కానీ ఫోన్ లెక్కలో ఎనిమిది. మొత్తం క్యాప్షన్‌కి ఉన్న 2,200 హద్దు కూడా ఇలాగే కరుగుతుంది, అందుకే తెలుగులో రాసేటప్పుడు ఒక్కో మాట చూసుకుని వాడాలి.

కాబట్టి ముందు ఆ మొదటి రెండు లైన్లు. అందులో మూడే మూడు ఉండాలి, ఏం అమ్ముతారు, ఎక్కడున్నారు, కొనాలంటే ఎటు రావాలి. నీకైతే ఇలా సరిపోతుంది: "మంగళగిరి చేనేత చీరలు, డ్రెస్ క్లాత్. షాపు గాలిగోపురం దగ్గర. ఆన్‌లైన్ ఆర్డర్లకి వాట్సాప్ 9•••• •••••". లెక్కపెట్టి చూశా, వంద లోపే ఉంది, ముడుచుకోకుండా కనపడిపోతుంది. షాపు పేరు ఇందులో పెట్టలేదేంటి అని నీకు అనిపించొచ్చు, పేరు పేజీ పైనే ఉంది కదా, క్యాప్షన్ పక్కన కూడా పేజీ పేరు ఎలాగూ పడుతుంది, ఆ చోటు మళ్ళీ పేరుకి ఖర్చు పెట్టొద్దు. స్వాగతం, మూడు తరాల మాట తీసేయమనట్లేదు, అవి నిజంగా మీ షాపు గొప్పే, కానీ కిందకి దించు. ఎక్కడుందో తెలిసి, రేటు తన చేతికి అందేలా ఉందని తెలిశాకే మనిషి మీ అత్తగారి కథ ఇష్టంగా చదువుతుంది.

ఇప్పుడు సరుకు దగ్గరకి వద్దాం, ఎక్కువమంది తేలిగ్గా వదిలేసేది ఇదే. నీ పాత క్యాప్షన్‌లో "అన్ని రకాల చీరలు లభించును" అని ఉంది. అన్ని రకాలు అంటే చదివినవాళ్ళకి ఏమీ తెలియదు, కంచి పట్టు ఉందా అని అడిగేవాళ్ళు, ఫ్యాన్సీ చీరలు అడిగేవాళ్ళు, పెళ్ళి బ్లౌజ్‌కి మగ్గం వర్క్ చేస్తారా అనేవాళ్ళు అందరూ డీఎం కి వస్తారు. మీ దగ్గర ఉన్నవి నాలుగు గుంపులే కదా, కాటన్ చీరలు, పట్టు బై కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్, మీటర్ లెక్కన క్లాత్. ఆ నాలుగూ పేర్లతో రాసి, ఒక్కోదానికి ఎంత నుంచి ఎంత దాకా అన్నది పక్కనే పెట్టు. కాటన్ చీర దగ్గర నిజాం బోర్డర్, జరీ బోర్డర్ అన్న మాటలు కూడా వెయ్యి, ఎందుకంటే మంగళగిరి చీర తెలిసినవాళ్ళు ఆ మాటలతోనే వెతుకుతారు, తెలియనివాళ్ళకి ఇది మామూలు కాటన్ కాదని ఒక అంచనా వస్తుంది. చీరతో పాటు బ్లౌజ్ వస్తుందా రాదా అన్నది ఒక్క మాటలో చెప్పెయ్, అది అడగని ఆడవాళ్ళు ఉండరు.

రేటు రాయడానికి చాలామంది భయపడతారు, పక్క షాపువాళ్ళు చూసి తగ్గించి అమ్ముతారని. పక్క షాపువాళ్ళు ఎవరో ఒకరిని పంపి ఎలాగూ కనుక్కుంటారమ్మా. రేటు దాస్తే నష్టం నీకే, "ప్రైస్ ప్లీజ్" అన్న మెసేజ్‌కి నువ్వు పొద్దున చూసి జవాబిచ్చేలోపు ఆమె ఇంకో పేజీకి వెళ్ళిపోయి ఉంటుంది. ప్రతి చీర రేటు రాయక్కర్లేదు, మొదలయ్యే రేటు, ఎక్కువగా అమ్ముడయ్యే రేటు చెబితే చాలు. "1,200 నుంచి" అని మాత్రం రాసి ఊరుకుంటే ఇంకో తలనొప్పి, ఫొటోలో పెద్ద జరీ బోర్డర్ చీర చూసి అది 1,200 అనుకుని వస్తారు. అందుకే "1,200 నుంచి, ఎక్కువ చీరలు 1,500 నుంచి 2,200 మధ్య" అని రాయి. ఈ అంకెలు నేను ఉదాహరణకి వేసినవి, నీ రేట్లు నువ్వు వేసుకో.

లేనివి కూడా రాయాలి, ఒకే ఒక్క లైన్లో. "కంచి, బెనారస్, ఫ్యాన్సీ చీరలు మా దగ్గర ఉండవు, కుట్టి ఇవ్వం" అని. ఇది చూసి వెళ్ళిపోయేవాళ్ళు ఎలాగూ కొనేవాళ్ళు కాదు, వాళ్ళ టైమూ నీ టైమూ మిగులుతుంది. మిగిలినవాళ్ళకి ఇది మంగళగిరి ఒక్కటే పెట్టుకున్న షాపు అన్న నమ్మకం వస్తుంది, నాణ్యతే ప్రాణం అని పది సార్లు రాసినదానికన్నా ఇది బాగా పనిచేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, మనసులో పెట్టుకో. మంగళగిరి చీరలకి, క్లాత్‌కి జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సరుకే అన్న ముద్ర, ఉంది, అది నిజం. కానీ అది ఆ నేతకి వచ్చిన గుర్తింపు, నీ షాపుకి ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్ కాదు. చాలా పేజీల్లో "గవర్నమెంట్ సర్టిఫైడ్ జీఐ షాప్" అన్నట్టు రాస్తున్నారు, నువ్వు అలా రాయకు. మీ అత్తగారివాళ్ళు ఆ జీఐ పేరు వాడుకునే ఆథరైజ్డ్ యూజర్‌గా రిజిస్టర్ చేయించుకుని ఉంటేనే, జీఐ ఆథరైజ్డ్ యూజర్ అని రాయి. హ్యాండ్లూమ్ మార్క్ కూడా అంతే, చీరకి ఆ లేబుల్ నిజంగా ఉంటేనే రాయాలి. ఇంకా ముఖ్యంగా షాపులో ఎక్కడైనా పవర్‌లూమ్ క్లాత్ ఉంటే, చవక రకం డ్రెస్ మెటీరియల్‌లో కలిసిపోవడం మామూలే కదా, అప్పుడు పైన పెద్దగా "అంతా చేనేతే" అని రాయొద్దు. "చీరలన్నీ చేనేత, కొన్ని డ్రెస్ మెటీరియల్స్ మాత్రం పవర్‌లూమ్, అడిగితే చెప్తాం" అని రాసేయ్. మగ్గం మీద వేళ్ళు అరగదీసుకుని నేసినవాళ్ళ చీర పక్కన మిషన్ క్లాత్‌ని అదే పేరుతో పెట్టడం వాళ్ళకి అన్యాయం, నాకైతే దీనిమీద చాలా కోపం వస్తుంది.

సరే, ఇప్పుడు దారి. నువ్వు డోర్ నంబర్, వీధి పేరు, మండలం, పిన్ కోడ్ అన్నీ రాశావు. అది కొరియర్ వాళ్ళకి పనికొచ్చే అడ్రస్, మొదటిసారి వచ్చే మనిషికి కాదు. నీ దగ్గరకి వచ్చేవాళ్ళు ఎలా వస్తారు? చాలామంది పానకాల స్వామి దర్శనం చేసుకుని, కింద లక్ష్మీనరసింహ స్వామి గుడి కూడా చూసుకుని, ఇంత దూరం వచ్చాం చీర కొనుక్కుపోదాం అని వస్తారు. ఇంకొందరు విజయవాడ నుంచి గానీ గుంటూరు నుంచి గానీ చీరల కోసమే బస్సులోనో కార్లోనో వస్తారు. ఎవరొచ్చినా ఊళ్ళో అందరికీ తెలిసిన గుర్తు గాలిగోపురం, ఏ ఆటో అతనికి చెప్పినా తీసుకొస్తాడు, దూరం నుంచే కనపడుతుంది. కాబట్టి నీ దారి అక్కడ మొదలవ్వాలి. అక్కణ్ణుంచి షాపు దాకా నడిచే దారి రాయి, కానీ ఒట్టిగా కుడివైపు, ఎడమవైపు అని రాస్తే ఎటు తిరిగి నిలబడితే కుడివైపో తెలియదు. "గాలిగోపురం మీ వీపు వెనక ఉండేలా నిలబడి ముందుకి నడవండి, ఎడమచేతి వైపు రెండో సందు" అని రాస్తే ఇంక తప్పిపోరు.

గుర్తుగా ఏం చెప్తావో కూడా చూసుకో. మీ కింద ఉన్న మెడికల్ షాపు పేరు రాశావు, ఆ షాపు మారిపోతే? ఎప్పుడో మూతపడిన సినిమా హాలు, పేరు మారిన బ్యాంకు, ఇలాంటివి ఊరివాళ్ళకి తెలుసు, హైదరాబాద్ నుంచి వచ్చినామెకి ఏం తెలుసు. గుడి, స్కూలు, పోస్టాఫీసు లాంటివి అయితే నిలబడతాయి. మీ షాపు మేడ మీద ఉందని నీ క్యాప్షన్‌లో ఎక్కడా లేదు, ఫొటోలో బోర్డు చూసి నాకు తెలిసింది. వీధిలో నిలబడి కింద షాపులన్నీ చూసుకుంటూ వెళ్ళిపోతారు చెల్లీ, "షాపు మేడ మీద, మొదటి అంతస్తు, పక్కన మెట్లు" అని తప్పకుండా రాయి. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళు వస్తే కిందకే చీరలు తెచ్చి చూపిస్తాం అని రాయగలిగితే ఇంకా బాగుంటుంది, దర్శనానికి వచ్చేవాళ్ళలో మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు. కారు సందులోకి రాకపోతే ఎక్కడ ఆపుకోవాలో కూడా చెప్పు.

గూగుల్ మ్యాప్స్‌లో షాపు పెట్టావో లేదో నువ్వు చెప్పలేదు. పెట్టకపోతే ముందు ఆ పని చెయ్యి, బిజినెస్ ప్రొఫైల్ ఫ్రీనే, వెరిఫికేషన్ అయ్యాక గుర్తు సరిగ్గా మీ మెట్ల దగ్గర పడిందో లేదో జూమ్ చేసి చూసుకో. ఇరుకు సందుల్లో గుర్తు వెనక వీధిలో పడడం చాలా జరుగుతుంది, దాన్ని చేత్తో జరిపి సరిచేసుకోవచ్చు. మ్యాప్‌లో పేరు, ఇన్‌స్టాలో పేరు, బోర్డు మీద పేరు మూడూ ఒకటే ఉండాలి. మ్యాప్ లింక్ మాత్రం క్యాప్షన్‌లో పెట్టకు, ఇన్‌స్టా క్యాప్షన్‌లో లింకు నొక్కితే తెరుచుకోదు, ఉత్త అక్షరాల్లా పడి ఉంటుంది. అది బయోలో పెట్టి, క్యాప్షన్‌లో "మ్యాప్ లింక్ బయోలో ఉంది" అను. బయోలో అయిదు లింకుల దాకా పెట్టుకోవచ్చు, నీకు రెండు చాలు, ఒకటి మ్యాప్, ఒకటి వాట్సాప్.

టైమింగ్స్‌లో "ఉదయం నుంచి రాత్రి వరకు" అని రాశావు, అది టైమ్ కాదు. పది నుంచి ఎనిమిదిన్నర అయితే అలాగే రాయి, మధ్యాహ్నం భోజనానికి మూసేస్తే ఏ టైమ్‌లో మూసేస్తారో, వారంలో ఏ రోజు సెలవో చెప్పు. ఫాల్గుణంలో తిరునాళ్ళ రోజుల్లో గుడి దగ్గర రద్దీ వేరే లెవెల్ కదా, కారులో వచ్చేవాళ్ళకి ఆ రోజుల్లో ముందు ఫోన్ చేయమని అప్పటికప్పుడు ఒక లైన్ కలుపు, అయిపోయాక తీసెయ్.

ఫోన్ సంగతికి వస్తే, నీ క్యాప్షన్‌లో మూడు నంబర్లు ఉన్నాయి, నీది, మీవారిది, షాపుది. ఏది దేనికో లేదు. ఒకే ఒక్క నంబర్ ఉంచు, వాట్సాప్ బిజినెస్ ఉన్నది. క్యాప్షన్‌లో నంబర్ నొక్కితే కాల్ వెళ్ళదు, యాప్‌లో కాపీ చేయడం కూడా కష్టమే, కాబట్టి చూసి గుర్తుపెట్టుకుని టైప్ చేసుకోవాలి, అందుకే అయిదు అంకెలు, ఖాళీ, అయిదు అంకెలు అలా విడగొట్టి రాయి. ఎమోజీ అంకెలతో అలంకరించకు. నొక్కితే పనిచేసేది మాత్రం బయోలో లింకే, అది ఇలా ఉంటుంది:

```
https://wa.me/919XXXXXXXXX
```

ముందు 91, వెంటనే పది అంకెల నంబర్. ప్లస్ గుర్తు, మొదట్లో సున్నా, మధ్యలో ఖాళీ, గీత ఏమీ ఉండకూడదు. 91 మర్చిపోతే లింక్ సరైన చాట్‌కి వెళ్ళదు, పెట్టాక వేరేవాళ్ళ ఫోన్లోంచి ఒకసారి నొక్కించి చూడు.

నంబర్ ఇచ్చి వదిలేయకుండా ఏం పంపాలో కూడా చెప్పు. "హాయ్" అని మెసేజ్ వస్తుంది, నువ్వు "చెప్పండి" అంటావు, "చీరలు కావాలి" అంటారు, "ఏ చీరలు" అంటావు, ఇలా నాలుగు మెసేజ్‌లు ఉత్తినే పోతాయి. "నచ్చిన చీర స్క్రీన్ షాట్, మీ పిన్ కోడ్ పంపండి" అని రాస్తే మొదటి మెసేజ్‌లోనే స్టాక్ ఉందో లేదో, కొరియర్ ఎంతో చెప్పేయొచ్చు. జవాబు ఎప్పుడు ఇస్తావో కూడా రాయి, నువ్వు షాపులో కస్టమర్లు ఉన్నప్పుడు ఫోన్ చూడలేవు కదా, "మెసేజ్‌లకి సాయంత్రం లోపు రిప్లై ఇస్తాం, తొందరైతే కాల్ చేయండి" అంటే మనిషి ఆగుతుంది.

డబ్బుల విషయం అసలు వదలొద్దు. చీరల పేజీల ఫొటోలు ఎత్తేసి, అదే పేరులో ఒక అక్షరం మార్చి దొంగ పేజీ పెట్టి, తక్కువ రేటు చూపించి డబ్బులు వేయించుకుని బ్లాక్ చేసేవాళ్ళు ఉన్నారు. కొత్తగా వచ్చినామెకి నీ పేజీ అసలుదో దొంగదో ఎలా తెలుస్తుంది? క్యాప్షన్‌లో రెండు మాటలు పెట్టు, "మాకు ఈ ఒక్క పేజీ, ఈ ఒక్క నంబరే. డబ్బులు పంపేటప్పుడు స్క్రీన్ మీద ఫలానా పేరు కనపడితేనే పంపండి". యూపీఐలో పంపే ముందు అవతలి పేరు కనపడుతుంది కదా, అక్కడ షాపు పేరు కాకుండా మీ మామగారి పేరు వస్తుంటే ఆ పేరే రాయి, లేకపోతే నిజమైన కస్టమరే భయపడి ఆగిపోతుంది. క్యూఆర్ కోడ్ మాత్రం పోస్టులో పెట్టకు, ఆర్డర్ ఖాయమయ్యాక వాట్సాప్‌లో పంపు. అనుమానం ఉన్నవాళ్ళకి వీడియో కాల్‌లో షాపు, చీర చూపిస్తాం అని రాస్తే దొంగ పేజీవాళ్ళు చేయలేని పని నువ్వు చేస్తున్నట్టు. కొరియర్ ఛార్జీ ఎవరిదో, క్యాష్ ఆన్ డెలివరీ ఉందో లేదో, చినుగు ఉంటే మార్చి ఇస్తారో లేదో, పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీయాలనే షరతు ఉంటే అదీ, ముందే చెప్పాలి. గొడవ వచ్చాక చెబితే ఎవరూ ఒప్పుకోరు.

ఇవన్నీ కలిపితే నీ క్యాప్షన్ ఇలా వస్తుంది, నంబర్ దగ్గర చుక్కలు నీవి నువ్వు నింపుకో, దారి కూడా ఒకసారి నడిచి చూసి సరిచెయ్యి:

"మంగళగిరి చేనేత చీరలు, డ్రెస్ క్లాత్. షాపు గాలిగోపురం దగ్గర. ఆన్‌లైన్ ఆర్డర్లకి వాట్సాప్ 9•••• •••••

🧵 మా దగ్గర ఉన్నవి
కాటన్ చీరలు, నిజాం బోర్డర్, జరీ బోర్డర్, బ్లౌజ్‌తో: 1,200 నుంచి, ఎక్కువ చీరలు 1,500 నుంచి 2,200 మధ్య
పట్టు బై కాటన్ చీరలు: 3,500 నుంచి
డ్రెస్ మెటీరియల్, మీటర్ క్లాత్ కూడా ఉన్నాయి, ఒక్క మీటర్ అయినా కట్ చేసి ఇస్తాం
చీరలన్నీ చేనేత. కొన్ని డ్రెస్ మెటీరియల్స్ పవర్‌లూమ్, ఏవో అడిగితే చెప్తాం
కంచి, బెనారస్, ఫ్యాన్సీ చీరలు ఉండవు. కుట్టి ఇవ్వం

📍 షాపుకి దారి
బస్సులో వస్తే మంగళగిరిలో దిగి ఆటోకి గాలిగోపురం అని చెప్పండి. గోపురం మీ వీపు వెనక ఉండేలా నిలబడి ముందుకి నడిస్తే ఎడమచేతి వైపు రెండో సందు. షాపు మేడ మీద, మొదటి అంతస్తు, పక్కన మెట్లు. మెట్లు ఎక్కలేనివాళ్ళు కాల్ చేస్తే చీరలు కిందకే తెస్తాం. కారు సందులోకి రాదు, మెయిన్ రోడ్డు మీద ఆపుకోండి. మ్యాప్ లింక్ బయోలో ఉంది
10 నుంచి 8:30 దాకా. మంగళవారం సెలవు

📦 ఇంటికి కావాలంటే
నచ్చిన చీర స్క్రీన్ షాట్, మీ పిన్ కోడ్ వాట్సాప్ చేయండి, సాయంత్రం లోపు రిప్లై ఇస్తాం. కొరియర్ ఛార్జీ వేరు. క్యాష్ ఆన్ డెలివరీ లేదు. వీడియో కాల్‌లో చీర చూపిస్తాం. చినుగు ఉంటే మార్చి ఇస్తాం, పార్సిల్ తెరిచేటప్పుడు వీడియో తీసి ఉంచండి
మాకు ఈ ఒక్క పేజీ, ఈ ఒక్క నంబరే. డబ్బులు పంపేటప్పుడు షాపు పేరు కనపడితేనే పంపండి

రీసెల్లర్స్ పది చీరల పైన తీసుకుంటే రేటు వేరు, కాల్ చేయండి

మూడు తరాలుగా మా ఇంట్లో ఇదే పని. మా అత్తగారు ఇప్పటికీ ప్రతి చీర మడత విప్పి చూశాకే షాపులో పెడతారు"

చివరి రెండు వాక్యాలు చూడు, నాణ్యతకి మారుపేరు అని రాసినప్పుడు ఎవరికీ ఏమీ కనపడలేదు, ఆవిడ మడత విప్పి చూస్తున్నది మాత్రం కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. నీ పాత క్యాప్షన్‌లో ఇది ఎక్కడో మధ్యలో ఉంది, అది నాకు చాలా నచ్చింది, అందుకే ఉంచాను.

తెలుగు మాట్లాడతారు కానీ చదవలేని పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాల్లో చాలామంది ఉన్నారు, వాళ్ళూ నీ కస్టమర్లే. పై క్యాప్షన్ కింద ఇంగ్లీషులో ఓ నాలుగు లైన్లు పెట్టు, సరుకు, ఊరి పేరు, నంబర్, కొరియర్, అంతే, మొత్తం అనువాదం చేయక్కర్లేదు. ఊరి పేరు, చీర పేరు రెండు లిపుల్లోనూ మామూలు అక్షరాల్లో ఉండాలి. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ అకౌంట్ల పబ్లిక్ పోస్టులు గూగుల్ సెర్చ్‌లో కూడా వచ్చే వీలు పెట్టారు, మంగళగిరి చీరలు అని వెతికేవాళ్ళకి నువ్వు కనపడాలంటే ఆ మాట నీ క్యాప్షన్‌లో ఉండాలి కదా. ఏవో యాప్స్‌లో వంకరటింకర స్టైల్ అక్షరాలు తయారుచేసి అతికిస్తారు చూడు, అవి వద్దు, చూపు లేనివాళ్ళకి చదివిపెట్టే స్క్రీన్ రీడర్ వాటిని సరిగ్గా పలకలేదు, సెర్చ్‌కీ అందవు.

ఫొటో విషయంలో ఒకటే మాట. పోస్టు పెట్టేశాక క్యాప్షన్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, లైకులు, కామెంట్లు పోవు, పిన్ కూడా ఊడదు. కానీ ఫొటో తీసి దాని స్థానంలో ఇంకోటి పెట్టలేవు. కాబట్టి మారేవి ఏవీ ఫొటో మీద రాయకు, రేట్లు, టైమింగ్స్, ఆఫర్లు అన్నీ క్యాప్షన్‌లోనే. ఫొటోలు ఒక నాలుగు చాలు, మొదటిది వీధిలోంచి బోర్డు, మెట్లు కనపడేలా పగటి వెలుగులో తీసింది, దాని మీద పెద్ద అక్షరాల్లో "మొదటిసారి వచ్చారా? వివరాలు ఇక్కడ" అని ఉంటే గ్రిడ్‌లో చూడగానే ఏ పోస్టు నొక్కాలో తెలుస్తుంది. రెండోది గాలిగోపురం దగ్గర నుంచి సందు మొదలు కనపడేలా, మూడోది షాపు లోపల, నాలుగోది చీర అంచు దగ్గరగా. అక్షరాలు ఫొటో మధ్యలో ఉంచు, అంచుల్లో పెడితే గ్రిడ్‌లో కోసుకుపోతాయి.

ఇన్‌స్టాలో మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు, చివర్న పిన్ చేసింది ముందు కూర్చుంటుంది. నీ పేజీలో ఇప్పుడు దసరా ఆఫర్ ఒకటి, పాత రీల్ ఒకటి ముందుండి ఈ పోస్టు మూడోదానికి పోయింది. దీన్ని ఒకసారి అన్‌పిన్ చేసి మళ్ళీ పిన్ చెయ్యి, మొదటికి వస్తుంది. అయిపోయిన ఆఫర్ పోస్టు తీసేయ్, అది చూసి వచ్చి ఆ రేటు అడిగితే లేదని చెప్పడం మీకూ బాధే.

పెట్టాక రెండు పనులు చెయ్యి. ఊరికి కొత్తవాళ్ళు ఎవరైనా, చుట్టాల్లో మంగళగిరి రాని అమ్మాయి ఉంటే, ఫోన్ చేయకుండా క్యాప్షన్ ఒక్కటే చూసుకుని షాపుకి రమ్మను, ఎక్కడ ఆగి దిక్కులు చూసిందో అడిగి ఆ లైన్ మార్చు. రెండోది, ఒక రెండు వారాలు డీఎం లో వచ్చే ప్రశ్నలు ఒక కాగితం మీద గీతలు గీసుకుంటూ రాసుకో. కొరియర్ చేస్తారా అన్నదే మళ్ళీ మళ్ళీ వస్తుంటే అది కింద ఉండిపోయిందని అర్థం, మొదటి లైన్లో "ఆన్‌లైన్ ఆర్డర్లకి" అన్న చోట "కొరియర్ చేస్తాం" అని మార్చు. క్యాప్షన్‌లో లేని కొత్త ప్రశ్న, ఉదాహరణకి గంజి పెట్టి ఇస్తారా, రంగు దిగుతుందా, ఇలాంటిది తరచుగా వస్తే దానికి ఒక లైన్ కలుపు, కలిపినప్పుడు ఎవరూ అడగని లైన్ ఒకటి తీసెయ్, లేకపోతే ఆర్నెల్లలో మళ్ళీ పాత క్యాప్షన్ అంత పొడుగు అవుతుంది.

డీఎం లో అడిగినవాళ్ళని మాత్రం "పిన్ పోస్టు చూడండి" అని పంపేయకు. జవాబు ఒక లైన్లో చెప్పి, దారి కావాలంటే ఆ పోస్టు షేర్ చెయ్యి. ఫేస్‌బుక్ పేజీ కూడా ఉంటే ఇదే క్యాప్షన్ అక్కడా పెట్టి పిన్ చెయ్యి, అక్కడ లింకులు నొక్కితే తెరుచుకుంటాయి కాబట్టి "బయోలో ఉంది" అన్నచోట మ్యాప్ లింకే పెట్టేయ్. వాట్సాప్ బిజినెస్‌లో గ్రీటింగ్ మెసేజ్ ఆప్షన్ ఉంటుంది, దానిలో దారి, టైమింగ్స్ లైన్లు అతికించు. రేటు గానీ సెలవు గానీ మారితే ఈ మూడు చోట్లా, మ్యాప్స్‌లో కూడా, అదే రోజు మార్చేయ్.